సీపీఐ 0.90, ఎస్పీఐ 0.75: ఈ ప్రాజెక్టు బాగున్నట్టా, లేనట్టా?

ప్రాజెక్టు నెలవారీ నివేదిక మొదటి పేజీలో సాధారణంగా రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి ఖర్చు పనితీరు సూచిక, అంటే సీపీఐ. రెండోది షెడ్యూలు పనితీరు సూచిక, అంటే ఎస్పీఐ. రెండూ ఒకటి దగ్గర ఉంటే ఆకుపచ్చ, కొంచెం తగ్గితే పసుపు, బాగా తగ్గితే ఎరుపు రంగు వేస్తారు. పైవాళ్లు ఆ రంగు చూసి పేజీ తిప్పేస్తారు. కానీ ఈ అంకెలను ఎంతవరకు నమ్మాలి, ఏ దశలో నమ్మాలి, వేటితో కలిపి చదవాలి అన్న విషయంలో ఈ రంగం తెలిసినవాళ్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు. సీపీఐ ఒక్కటి చాలు, ప్రాజెక్టు భవిష్యత్తు చెప్పేయవచ్చని ఒక వర్గం అంటుంది. ఎస్పీఐని సగం దారిలో వదిలేయాలని మరొకటి అంటుంది. రెండూ కలిసి పనిని పాడుచేస్తాయనే వర్గం కూడా ఉంది. ఎవరి వాదన ఎక్కడ నిలుస్తుందో చూడటానికి ఒకే లెక్కను చివరిదాకా పట్టుకుని వెళ్దాం.

## లెక్క

ఇది ఊహించుకున్న ఉదాహరణ. ఒక కాంట్రాక్టరు ఆసుపత్రి భవనం కడుతున్నాడు. అతని సొంత బడ్జెట్ 12 కోట్లు, గడువు 12 నెలలు. లెక్క తేలికగా ఉండటానికి నెలకు కోటి రూపాయల పని జరగాలని ప్రణాళిక వేసుకున్నాడనుకుందాం. ఆరు నెలలు గడిచేసరికి 6 కోట్ల పని అయి ఉండాలి. ఇది ప్రణాళిక విలువ (పీవీ). నిజంగా పూర్తయిన పనిని బడ్జెట్ ధరల్లో లెక్కకడితే 4.5 కోట్లు వచ్చింది. ఇది సాధించిన విలువ (ఈవీ). ఆ పనికి అయిన ఖర్చు 5 కోట్లు. ఇది వాస్తవ ఖర్చు (ఏసీ).

```
CPI = EV / AC = 4.5 / 5 = 0.90
SPI = EV / PV = 4.5 / 6 = 0.75
```

రూపాయి ఖర్చుపెడితే తొంభై పైసల పని జరిగిందని సీపీఐ చెబుతోంది. ఈపాటికి కావలసిన పనిలో ముప్పాతిక వంతే అయిందని ఎస్పీఐ చెబుతోంది. కూడికలు, భాగహారాల దగ్గర ఎవరికీ గొడవ లేదు. ఈ 4.5 ఎలా వచ్చింది, ఈ 5 ఎవరి లెక్క, ఈ 0.75 ఎంతకాలం అర్థవంతంగా ఉంటుంది అన్నవే అసలు చిక్కులు.

## ఈ అంకెలు ఎక్కడినుంచి వచ్చాయి

ఈ పద్ధతికి పుట్టిల్లు అమెరికా రక్షణ శాఖ. 1950ల చివర పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం పెర్ట్ అనే నెట్‌వర్క్ పద్ధతి తయారైంది. దానికి ఖర్చును జోడించి 1962లో రక్షణ శాఖ, నాసా కలిసి పెర్ట్-కాస్ట్ మార్గదర్శిని విడుదల చేశాయి. అది ఆచరణలో మరీ బరువైపోయింది. 1967లో రక్షణ శాఖ పద్ధతిని రుద్దడం మానేసి, కాంట్రాక్టరు సొంత వ్యవస్థ ఎలా ఉన్నా ఫలానా 35 ప్రమాణాలకు తూగితే చాలంది. ప్రణాళిక విలువ, సాధించిన విలువ, వాస్తవ ఖర్చు అనే మూడు గీతలు అప్పటినుంచీ స్థిరపడ్డాయి. 1998లో ఆ ప్రమాణాలు 32కి తగ్గి పరిశ్రమ ప్రమాణంగా మారాయి. తర్వాత పీఎంఐ పుస్తకాల ద్వారా పరీక్షల్లోకి, అక్కడినుంచి హైదరాబాద్ ఐటీ కంపెనీల రివ్యూల్లోకి, పెద్ద నిర్మాణ సంస్థల నివేదికల్లోకి వచ్చాయి. 2018లో ఐఎస్ఓ కూడా దీనికి ఒక ప్రమాణం ఇచ్చింది.

ఈ చరిత్రలో గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. ఇవి భారీ రక్షణ కాంట్రాక్టుల కోసం పుట్టాయి. వాటిలో చాలావరకు ఖర్చు ఎంతయితే అంత ప్రభుత్వమే భరిస్తుంది. స్థిర ధరకు ఒప్పుకున్న పనిలో అవే అంకెలు వేరే మాట చెబుతాయి. ఆ సంగతికి కాసేపట్లో వద్దాం.

## ముందే చెప్పిన సూచిక, వినని పెద్దలు

సీపీఐకి పేరు తెచ్చింది ఒక వైఫల్యం. అమెరికా నౌకాదళం కోసం మెక్‌డొనెల్ డగ్లస్, జనరల్ డైనమిక్స్ కలిసి ఏ-12 అనే దాడి విమానాన్ని తయారు చేసేందుకు 1988లో ఒప్పందం చేసుకున్నాయి. ధరకు గరిష్ఠ పరిమితి ఉన్న ఒప్పందమది. 1990 ఏప్రిల్‌లో రక్షణ మంత్రి డిక్ చెనీ కార్యక్రమం సజావుగా ఉందన్న ధోరణిలో అమెరికా కాంగ్రెస్‌కు చెప్పారు. జూన్ మొదట్లో కంపెనీలే ఆ పరిమితిలో పూర్తి చేయలేమని నౌకాదళానికి తెలిపాయి. 1991 జనవరిలో చెనీ ఒప్పందాన్ని రద్దు చేశారు. దానిపై నడిచిన దావా 2014లో గానీ తేలలేదు.

ఆ తర్వాత బయటపడినదే ఈ చర్చకు ముఖ్యం. సాధించిన విలువ నివేదికలు అప్పటికే ప్రమాదాన్ని చూపిస్తున్నాయి. ఆ ఖర్చు తీరు చూసిన విశ్లేషకులు పరిమితి దాటక తప్పదని లెక్కలు వేశారు. కార్యక్రమ నిర్వాహకులు మాత్రం ఇకమీదట పనితీరు మెరుగుపడుతుందన్న అంచనాను పట్టుకున్నారు. ఇలాంటి ఆశను కొలవడానికి ఒక చిన్న లెక్క ఉంది. మన ఆసుపత్రి భవనానికే వేద్దాం. మిగిలిన పని 7.5 కోట్లు, బడ్జెట్‌లో మిగిలిన డబ్బు 7 కోట్లు. 12 కోట్లలోనే ముగించాలంటే ఇకపై ప్రతి రూపాయికీ రూపాయి ఏడు పైసల పని జరగాలి. ఆరు నెలలు 0.90తో నడిచిన జట్టు రేపటినుంచి 1.07తో నడుస్తుందని చెప్పేవాడు ఏం మారబోతోందో కూడా చెప్పగలగాలి. కొత్త సబ్ కాంట్రాక్టరా? డిజైన్ మార్పా? జవాబు లేకపోతే అది ఆశే తప్ప అంచనా కాదు.

## ఇరవై శాతం సూత్రం, దాని మీద తగాదా

ఏ-12 తర్వాతి సంవత్సరాల్లో డేవిడ్ క్రిస్టెన్సెన్ అనే పరిశోధకుడు రక్షణ కాంట్రాక్టుల చరిత్రను తవ్వాడు. 1993లో హైసీతో కలిసి 155 కాంట్రాక్టులను పరిశీలించి ఒక నిర్ణయానికి వచ్చాడు. పని ఇరవై శాతం పూర్తయ్యాక మొత్తం మీద లెక్కించిన సీపీఐ 0.10కి మించి కదలదు. అంటే ఇరవై శాతం దగ్గర 0.90 ఉంటే, చివరికి ఒకటికి మించిపోతుందని కలలు కనడం వృథా. పైగా, మారితే కిందికి మారే అవకాశమే ఎక్కువని అతని పరిశోధనలు సూచించాయి. ఈ ఫలితం ఎంత ఆకర్షణీయంగా ఉందంటే, ఏ రంగమైనా, ఏ సైజు ప్రాజెక్టయినా వర్తించే ప్రకృతి నియమంలా పాఠ్యపుస్తకాల్లోకి వెళ్లిపోయింది.

2008లో హెండర్సన్, జ్వికేల్ దీన్ని ప్రశ్నించారు. ఇజ్రాయెల్, బ్రిటన్, హాంకాంగ్‌లలోని చిన్న ప్రాజెక్టుల వివరాలు తీసుకుంటే ఆ స్థిరత్వం కనిపించలేదు. చాలావాటిలో సూచిక పని ముగింపు దగ్గరికి వచ్చాక గానీ కుదురుకోలేదు. ఇందులో వింతేమీ లేదు. మొత్తం మీద లెక్కించే ఏ నిష్పత్తి అయినా పని పెరిగేకొద్దీ నెమ్మదిగా కదులుతుంది, వెనక బరువు ఎక్కువ కాబట్టి. వందల కోట్ల విమాన కార్యక్రమంలో ఇరవై శాతం అంటే ఏళ్ల తరబడి జరిగిన పని. 12 కోట్ల భవనంలో ఇరవై శాతం అంటే పునాది, ప్లింత్ బీమ్‌లు, బహుశా ఒక శ్లాబు. ఆ శ్లాబు చెప్పే కథ ఎలక్ట్రికల్, ప్లంబింగ్, ఫినిషింగ్ పనులకు వర్తిస్తుందనుకోవడం తొందరపాటు.

కాబట్టి ఈ తగాదాలో రెండు వైపులా కొంత నిజముంది. నా అంచనాలో, పెద్ద పనులు ఒకే తరహాలో సాగుతుంటే క్రిస్టెన్సెన్ సూత్రం హెచ్చరికగా పనికొస్తుంది. రకరకాల పనులు దశలవారీగా వచ్చే మధ్యస్థాయి ప్రాజెక్టులో మొత్తం సీపీఐ కంటే విభాగంవారీ సీపీఐ ఎక్కువ చెబుతుంది.

## ఖర్చు ఎవరిది? ఎప్పటిది?

సిద్ధాంతాల గొడవ కన్నా ఎక్కువ ప్రాజెక్టులను తప్పుదోవ పట్టించేది ఏసీ లెక్క. మన కాంట్రాక్టరు అకౌంట్స్ విభాగం చెల్లించిన డబ్బునే ఖర్చుగా రాస్తోందనుకుందాం. ఆరు నెలల చివరికి చెల్లింపులు 3.6 కోట్లు. స్టీలు డీలరుకు, సెంట్రింగ్ సబ్ కాంట్రాక్టరుకు, రెడీమిక్స్ కంపెనీకి కలిపి 1.4 కోట్లు బాకీ ఉంది. చెల్లింపులే తీసుకుంటే సీపీఐ 4.5 భాగించు 3.6, అంటే 1.25. పేజీ ఆకుపచ్చగా మెరుస్తుంది. పని జరిగిపోయింది, బాకీ మిగిలింది, సూచికకు మాత్రం అది కనబడలేదు. బాకీ కలిపితే 5 కోట్లు, 0.90. ఒకే ప్రాజెక్టు, ఒకే రోజు, రెండు వేర్వేరు ఆరోగ్యాలు.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. బిల్లులు ఒక్కసారిగా చెల్లించిన నెలలో సీపీఐ ధబేలున పడిపోతుంది, తర్వాత మళ్లీ పైకి పాకుతుంది. పని తీరు మారకుండా సూచిక రంపం పళ్లలా ఎగుడుదిగుడుగా ఉంటే చూడవలసింది సైటును కాదు, క్యాష్‌బుక్‌ను. దీనికి ఉల్టా కేసూ ఉంది. ధర పెరుగుతుందని ముందే కొని యార్డులో పెట్టిన స్టీలు ఖర్చులో చేరి, పనిలో చేరకపోతే సీపీఐ అనవసరంగా పడిపోతుంది. సరుకును వాడినప్పుడు ఖర్చు రాయాలి, లేదా సరుకు చేరగానే ఇంత విలువ అని మొదటే నిర్ణయించుకుని ఉండాలి. రెండిట్లో ఏదైనా సరే, మధ్యలో మార్చకూడదు.

ఇప్పుడు స్థిర ధర సంగతి. ప్రభుత్వ పనుల్లో ఐటమ్ రేటు కాంట్రాక్టులే ఎక్కువ. ఇంజినీరు కొలతలు తీసి ఎం-బుక్‌లో రాస్తాడు, కొలతను ఒప్పుకున్న రేటుతో గుణించి రన్నింగ్ బిల్లు తయారవుతుంది. యజమాని శాఖ సాధించిన విలువనూ అదే రేటుతో లెక్కవేసి, ఖర్చునూ అదే బిల్లుతో రాస్తే సీపీఐ ఎప్పుడూ ఒకటే వస్తుంది. రావాల్సిందే, పైనా కిందా ఒకే అంకె కాబట్టి. అదనపు ఐటమ్‌లు, ధరల సర్దుబాటు వచ్చినప్పుడే అది కదులుతుంది. ఈలోగా కాంట్రాక్టరు సొంత సీపీఐ 0.80లో ఉండి, అతను కూలీలను తగ్గించుకుంటూ ఉండవచ్చు. యజమానికి ఆ నష్టం ఖర్చు సూచికలో కనిపించదు. మొదట షెడ్యూలులో కనిపిస్తుంది, అదీ ఆలస్యంగా. అందుకే యజమాని పక్షాన ఉన్నవాళ్లకు సీపీఐ 1.00 ఆరోగ్య ధ్రువపత్రం కాదు.

## ఎస్పీఐ చివర్లో ఎందుకు ఒకటి అవుతుంది

ఎస్పీఐ మీద వాదన మరింత సూటిగా ఉంటుంది. ప్రణాళిక విలువ 12 కోట్ల దగ్గర ఆగిపోతుంది. పని ఎంత ఆలస్యమైనా చివరికి సాధించిన విలువ కూడా 12 కోట్లే. కాబట్టి మూడు నెలలో మూడేళ్లో ఆలస్యమైన ప్రాజెక్టు కూడా ముగింపు రోజున ఎస్పీఐ 1.00తో ముగుస్తుంది. ఈ లోపం పాతదే. వాల్ట్ లిప్కే 2003లో దీనికి ఒక మందు చెప్పాడు. ఇవాళ అయిన పని ప్రణాళిక ప్రకారం ఏ తేదీకి అయి ఉండాల్సింది అని చూడాలి. ఆ కాలాన్ని నిజంగా గడిచిన కాలంతో భాగించాలి. సాధించిన షెడ్యూలు పద్ధతి అంటే ఇదే. మన భవనం 15 నెలలకు పూర్తయిందనుకుంటే రెండు సూచికలు ఇలా నడుస్తాయి.

| నెల | అయిన పని (కోట్లు) | మామూలు ఎస్పీఐ | కాలంతో లెక్కించిన ఎస్పీఐ |
|---|---|---|---|
| 6 | 4.5 | 0.75 | 0.75 |
| 12 | 9.6 | 0.80 | 0.80 |
| 14 | 11.4 | 0.95 | 0.81 |
| 15 | 12.0 | 1.00 | 0.80 |

మన ప్రణాళిక సరళరేఖ కాబట్టి గడువు దాకా రెండూ ఒకేలా ఉన్నాయి. నిజమైన ప్రాజెక్టులో ఖర్చు గీత మొదట నెమ్మదిగా, మధ్యలో వేగంగా, చివర మళ్లీ నెమ్మదిగా సాగుతుంది గనుక తేడా ఇంకా ముందే మొదలవుతుంది. పద్నాలుగో నెల వరస చూడండి. గడువు దాటి రెండు నెలలైంది, పని ఇంకా మిగిలే ఉంది, మామూలు ఎస్పీఐ మాత్రం 0.95 అంటోంది. చాలా సంస్థల్లో 0.95 అంటే ఆకుపచ్చ రంగే.

లిప్కే పద్ధతి ఈ లోపాన్ని సరిచేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ దానికీ మించిన ఆక్షేపణ ఒకటుంది, అది రెండు ఎస్పీఐలకూ వర్తిస్తుంది. ఈ సూచికకు పని రూపాయల్లోనే తెలుసు. ఏ పని తర్వాత ఏ పని రావాలో తెలియదు. నాలుగో నెల చివర 4 కోట్ల పని అయి ఎస్పీఐ 1.00 ఉందనుకుందాం. మొదటి అంతస్తు శ్లాబు నెల రోజులు వెనకబడింది. ఆ లోటును ప్రహరీ గోడ, లోపలి రోడ్లు, ముందే తెప్పించిన ట్రాన్స్‌ఫార్మరు పూడ్చాయి. శ్లాబు లేకుండా పై అంతస్తు లేదు, ప్రహరీ లేకపోయినా ఆసుపత్రి తెరుచుకుంటుంది. కీలక మార్గం మీద నెల పోయినా సూచికకు ఏమీ కనిపించదు.

నెట్‌వర్క్ షెడ్యూలు పక్షపాతులు అందుకే ఎస్పీఐని ఒంటరిగా చూడవద్దంటారు, పక్కన కీలక మార్గం మీద ఎన్ని రోజుల వెసులుబాటు మిగిలిందో ఉండి తీరాలంటారు. లీన్ నిర్మాణ పక్షం ఇంకా ముందుకు వెళ్లింది. 2000లో కిమ్, బల్లార్డ్ రాసిన ఒక పత్రం సాధించిన విలువ పద్ధతి పని ప్రవాహానికి శత్రువా అని సూటిగానే అడిగింది. సూచిక బాగుండాలంటే విలువ ఎక్కువ ఉన్న, తేలికైన పనులు ముందు చేసుకోవడం లాభం. దానివల్ల తర్వాతి జట్టుకు కావలసిన చోటు సిద్ధం కాదు. సూచికను సరిగ్గా కొలవడం లేదన్నది వాళ్ల ఫిర్యాదు కాదు, కొలవడమే పనివాళ్లను తప్పుడు క్రమంలోకి నెడుతోందన్నది. లిప్కే కూడా ఈ బలహీనతను గుర్తించి, జరిగిన పని ప్రణాళిక వరసలోనే జరిగిందా అని కొలిచే మరో నిష్పత్తి ప్రతిపాదించాడు. ఆచరణలో అది ఎస్పీఐ అంత వాడుకలోకి రాలేదు.

## సెక్యూరిటీ గార్డు జీతం కూడా ప్రగతేనా

ఈవీ వైపు తప్పులు ఎన్నో ఉన్నా ఒకదాన్ని దగ్గరగా చూడటం మేలు. భవనం 12 కోట్ల బడ్జెట్‌లో 3 కోట్లు సైటు ఆఫీసు, సూపర్‌వైజర్లు, సెక్యూరిటీ, వాహనాల ఖర్చు. వీటికి కొలవదగ్గ ఫలితం ఉండదు. కాలం గడిస్తే చాలు, పని అయినట్టే లెక్క. అందువల్ల వీటి సాధించిన విలువ ప్రణాళిక విలువతో సమానంగానే ఉంటుంది. ఆరు నెలలకు ఈ పద్దు 1.5 కోట్లు, ఖర్చు కూడా 1.5 కోట్లు. దీన్ని తీసేస్తే నిజంగా కట్టాల్సిన పని 4.5 కోట్లు, కట్టింది 3 కోట్లు, అయిన ఖర్చు 3.5 కోట్లు. ఎస్పీఐ 0.75 నుంచి 0.67కి, సీపీఐ 0.90 నుంచి 0.86కి దిగుతాయి. కాంక్రీటు, గోడల దుస్థితిని సెక్యూరిటీ గార్డు హాజరు కొంత కప్పిపుచ్చింది. ఇలాంటి పద్దు వాటా పెద్దదయ్యేకొద్దీ సూచిక ఒకటి వైపు జరుగుతుంది. కాబట్టి నివేదికలో ఈ వాటా ఎంతో రాయకపోతే మొదట అడగాల్సింది అదే.

సాఫ్ట్‌వేర్‌లో ఇదే జబ్బు వేరే రూపంలో వస్తుంది. డెవలపర్ తన అంచనా ప్రకారం తొంభై శాతం అయిందంటాడు, ఆ తొంభై నెలల తరబడి తొంభైగానే ఉంటుంది. దానికి విరుగుడు పాతదే. పని మొదలైతే సున్నా, పూర్తయి పరీక్షలో నెగ్గితేనే నూరు. పనులు చిన్నవిగా విడగొట్టి ఉంటే ఈ కఠిన నియమం ఫలితాన్ని పెద్దగా వక్రీకరించదు. నెలల పొడవున్న పనికి వాడితే మాత్రం సూచిక అకారణంగా కిందపడి, ఒక్కరోజులో పైకి లేస్తుంది.

## చివరి ఖర్చు ఎంత? మూడు జవాబులు

సూచికలు చదివాక అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే, ఇది ఎంతకు తేలుతుంది? ఆరో నెల అంకెలతోనే మూడు పక్షాలు మూడు జవాబులిస్తాయి.

| ఊహ | లెక్క | చివరి ఖర్చు (కోట్లు) |
|---|---|---|
| జరిగిన నష్టం ఒకసారిది, మిగిలింది బడ్జెట్ ప్రకారమే | 5 + 7.5 | 12.5 |
| ఇప్పటి తీరే కొనసాగుతుంది | 12 / 0.90 | 13.33 |
| ఖర్చుతో పాటు ఆలస్యమూ భారం అవుతుంది | 5 + 7.5 / (0.90 × 0.75) | 16.11 |

అత్యల్పానికీ అత్యధికానికీ మధ్య 3.6 కోట్ల తేడా ఉంది. మొదటిదాన్ని ఎన్నుకోవాలంటే నష్టం ఎందుకు వచ్చిందో తెలియాలి. పునాదిలో ఊహించని రాయి తగిలితే అది ఒకసారి నష్టమే. సెంట్రింగ్ జట్టు ఉత్పాదకత తక్కువైతే అది ప్రతి అంతస్తులోనూ తిరిగి వస్తుంది. రెండోది ఎక్కువమంది వాడే లెక్క, చాలా పరిశోధనల్లో దీన్ని ఖర్చుకు కింది హద్దుగా చూశారు. మూడోదాని మీద వాదన ఇంకా తెగలేదు. గడువు కోసం ఓవర్‌టైమ్, రెండో షిఫ్ట్, అదనపు సెంట్రింగ్ పెట్టి పరిగెత్తే ప్రాజెక్టులో ఆలస్యం నిజంగానే డబ్బుగా మారుతుంది, అక్కడ ఇది న్యాయమే. గడువు పొడిగించి నింపాదిగా కట్టే చోట ఇది భయపెట్టడానికే పనికొస్తుంది. పైగా ముగింపు దగ్గరికొచ్చాక ఎస్పీఐ తనంతట తానే ఒకటి వైపు పాకుతుంది గనుక ఈ సూత్రం చివర్లో బలం కోల్పోతుంది. వాడితే మొదటి సగంలోనే వాడాలి.

## తేలనివి

రంగుల హద్దు ఎక్కడ గీయాలన్నది ఇంకా ఆచారమే. 0.95కి కింద పసుపు, 0.90కి కింద ఎరుపు అనేది అలవాటుగా వచ్చింది. మొదటి నెలల్లో 0.85 కూడా పెద్ద విషయం కాకపోవచ్చు, తొంభై శాతం పని అయ్యాక 0.95 దాటరాని గోడ. అదే హద్దును మొదటినుంచి చివరిదాకా ఉంచడం తర్కానికి నిలవదు, అయినా చాలా డాష్‌బోర్డులు అలాగే ఉన్నాయి.

రీబేస్‌లైన్ విషయం మరింత చిక్కు. ప్రణాళిక మారిపోయాక పాత గీతతో పోల్చడం అర్థంలేని పని అంటారు కొందరు. కొత్త బడ్జెట్ ఆమోదించి లెక్క మళ్లీ మొదలుపెడితే సూచికలు రెండూ 1.00కి వస్తాయి, 0.90 చరిత్ర మాయమవుతుంది అంటారు మరికొందరు. కేంద్ర గణాంక శాఖ 150 కోట్లు దాటిన కేంద్ర ప్రాజెక్టులకు మొదట ఆమోదించిన ఖర్చునూ ఇప్పటి అంచనానూ పక్కపక్కన చూపిస్తుంది. ఆ అలవాటు సీపీఐ నివేదికలకూ వస్తే ఈ వాదనలో సగం తగ్గుతుంది. కొత్త గీతతో నడపవచ్చు, పాత గీతతో లెక్కను మాత్రం పక్కన ఉంచాలి.

చెల్లింపులను సూచికకు ముడిపెట్టాలా వద్దా అన్నది మూడోది. ముడిపెడితే అంకెలు సకాలంలో వస్తాయి, అదే సమయంలో వాటిని అందంగా చేసే ఒత్తిడీ పెరుగుతుంది. కిమ్, బల్లార్డ్‌ల ఆక్షేపణ అక్కడే పదునెక్కుతుంది. ముడిపెట్టకపోతే, ఏ-12లో జరిగినట్టు, సరైన అంకె ఫైల్లోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. ఒప్పందం రాసేవాళ్లు ఇంకా ఈ రెండిటి మధ్యే ఊగిసలాడుతున్నారు.